గీత తప్పా, పని తప్పా?

"మీరు పంపిన నెట్‌వర్క్ డయాగ్రమ్‌లో కొన్ని తప్పులున్నాయి. సరిచేసి పంపగలరు." కొత్త భవనంలో నెట్‌వర్క్ పని అప్పగింత దాకా వచ్చాక ప్రాజెక్టు మేనేజర్లు వెండరుకు రాసే ఉత్తరాల్లో చాలావాటి సారం ఇంతే. ఉత్తరం మర్యాదగానే ఉంది, చిన్నగానూ ఉంది. అయితే వెండరు దీన్ని అక్షరాలా పాటించాడంటే ఇరుక్కునేది ఉత్తరం రాసినవాళ్లే. ఎందుకో తెలియాలంటే ముందు ఆ డయాగ్రమ్ సంగతి చూడాలి.

సైట్ నెట్‌వర్క్ డయాగ్రమ్ అంటే భవనంలోని కంప్యూటర్లు, కెమెరాలు, వైఫై పెట్టెలు, ఫోన్లు ఎలా కలిసి ఉన్నాయో చూపే పటం. ఏ గదిలో ఏ ర్యాక్ ఉంది, అందులో ఏ స్విచ్ ఉంది, దాని ఏ పోర్టులో బయలుదేరిన తీగ ఎక్కడికి వెళ్లి ఏ పోర్టులో దిగింది, ఏ విభాగానికి ఏ ఐపీ చిరునామాలు ఇచ్చారు... ఇదంతా ఒక ఏ-3 కాగితం మీద పెట్టెలుగా, గీతలుగా ఉంటుంది. ఇలా చేస్తామని పనికి ముందు గీసేది డిజైన్ డ్రాయింగ్. ఇలా చేశామని పని అయ్యాక గీసేది యాజ్-బిల్ట్. చివరి బిల్లు చేతికి రావాలంటే వెండరు సాధారణంగా ఈ రెండోది అప్పగించాలి. బిల్లు తొందరలో ఏం జరుగుతుందంటే, పాత డిజైన్ ఫైలునే తెరిచి, మూలనున్న పేరు మార్చి యాజ్-బిల్ట్ అని పంపేస్తారు. అందుకే, చేతికొచ్చిన యాజ్-బిల్ట్ డిజైన్‌ను అచ్చుగుద్దినట్టు ఉంటే సంతోషించకూడదు, అనుమానించాలి. నాలుగు అంతస్తుల పని ఎక్కడా ఏ మార్పూ లేకుండా పూర్తికావడం చాలా అరుదు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడుద్దాం. జిల్లా కేంద్రంలో వంద పడకల ప్రైవేటు ఆసుపత్రికి కొత్త బ్లాకు కట్టారనుకోండి. గ్రౌండ్ ఫ్లోరు, పైన మూడు అంతస్తులు. సర్వర్ గది కిందే ఉంది. అందులో రెండు పెద్ద స్విచ్‌లు, CORE-1, CORE-2. ప్రతి అంతస్తుకూ ఒక చిన్న స్విచ్, ACC-G నుంచి ACC-3 వరకూ. ఐసీయూ మూడో అంతస్తులో ఉంది. ఒప్పందం ప్రకారం ప్రతి అంతస్తు స్విచ్ నుంచీ రెండు ఫైబర్ దారులు కిందికి రావాలి. ఒకటి తూర్పు షాఫ్టులో దిగి CORE-1 కి, రెండోది పడమటి షాఫ్టులో దిగి CORE-2 కి. ఒక షాఫ్టులో నిప్పంటుకున్నా, ఒక కోర్ స్విచ్ ఆగిపోయినా రెండో దారి పనిచేస్తూనే ఉంటుందన్నది డిజైన్ ఉద్దేశం. వెండరు పంపిన NW-SITE-01, Rev 0 డ్రాయింగులోనూ సరిగ్గా ఇలాగే గీసి ఉంది.

ప్రాజెక్టు మేనేజరు నెట్‌వర్క్ ఇంజనీరు కానక్కర్లేదు. కొన్ని తప్పులు కుర్చీలోంచి లేవకుండానే దొరుకుతాయి. ఈ డ్రాయింగులో కెమెరాల పెట్టె పక్కన ఇలా రాసి ఉంది:

```
VLAN 30  CCTV
10.40.30.0/26   GW 10.40.30.126
```

చివరనున్న /26 కి అర్థం, ఈ గుంపులో చివరి అంకె 0 నుంచి 63 వరకే నడుస్తుందని. మొత్తం 64 చిరునామాలు. మొదటిదీ చివరిదీ పరికరాలకు ఇవ్వరు కాబట్టి మిగిలేవి 62. ఈ గుంపులోని కెమెరాలు బయటి గుంపులతో మాట్లాడాలంటే వెళ్లాల్సిన ద్వారం గేట్‌వే. అది గుంపు లోపలే ఉండాలి. కాగితం మీదున్న 126, ఆ 63 దాటి ఎక్కడో ఉంది. అంటే ఒకే వరసలో ఉన్న ఈ రెండు అంకెలూ కలిసి నిజం కాలేవు. ఒకటి తప్పయి తీరాలి.

తప్పు ఏదో తేల్చడానికి పాత ఈమెయిళ్లు తిరగేస్తే చాలు. డిజైన్ నాటికి కెమెరాలు యాభై, అప్పుడు /26 సరిపోయేది. మధ్యలో పార్కింగు, మందుల స్టోరు కలిసి ఎనభై అయ్యాయి. అప్పుడు ఆసుపత్రి ఒప్పుకున్నాకే వెండరు గుంపును /25 కి పెంచాడు. అది 0 నుంచి 127 దాకా వెళ్తుంది, అందులో 126 చక్కగా ఇముడుతుంది. స్విచ్‌లో చూసినా /25 అనే ఉంది. కాగితం మీద మాత్రం ఎవరో గేట్‌వే అంకె మార్చి, పక్కనున్న 26 ను వదిలేశారు. పని సరిగ్గానే ఉంది, గీసినవాళ్లే పొరపడ్డారు.

చిన్న అచ్చుతప్పే కదా అనిపించొచ్చు. ఏడాది తర్వాత ఎవరో టెక్నీషియన్ ఈ కాగితం చూసుకుని రెండు కెమెరాలు బిగించాడనుకోండి. రెంటికీ /26 పెట్టాడు. 10.40.30.90 ఇచ్చిన కెమెరా బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే 90 వైపు నుంచి చూస్తే /26 గుంపు 64 నుంచి 127 దాకా ఉంటుంది, 126 అందులోనే పడుతుంది. 10.40.30.20 ఇచ్చిన కెమెరా మాత్రం బయటికి చేరదు, దాని గుంపు 63 దగ్గరే ముగుస్తుంది. అదే డబ్బా, అదే తీగ, అదే సెట్టింగు. ఒకటి వెలుగుతోంది, ఒకటి వెలగడం లేదు. అతను కెమెరా మారుస్తాడు, తీగ మారుస్తాడు, స్విచ్ పోర్టు మారుస్తాడు. కాగితాన్ని అనుమానించడం అతనికి తట్టే ఆఖరి ఆలోచన.

రెండో తప్పు కుర్చీలో కూర్చుంటే దొరకదు. నెట్‌వర్క్ స్విచ్‌లు చాలావరకు తమ పేరూ, పోర్టు పేరూ ఎప్పటికప్పుడు పక్క స్విచ్‌కి చెబుతుంటాయి. ఆ పద్ధతి పేరు ఎల్‌ఎల్‌డీపీ. వేర్వేరు కంపెనీల పరికరాలు కూడా దీన్ని అర్థం చేసుకుంటాయి, కాకపోతే కొన్నింటిలో దాన్ని ముందు ఆన్ చేయాల్సి ఉంటుంది. స్విచ్‌లోకి లాగిన్ అయి ఒక ఆజ్ఞ ఇస్తే, దాని తీగల అవతలి కొనన ఎవరున్నారో అదే చెబుతుంది. గోడలు తెరవక్కర్లేదు, తీగ పట్టుకుని నడవక్కర్లేదు. మూడో అంతస్తు స్విచ్‌ను అడిగితే వచ్చిన జవాబు ఇది:

```
ACC-3# show lldp neighbors
Device ID   Local Intf   Hold-time  Capability  Port ID
CORE-1      Te1/1/1      120        B,R         Te1/0/3
ACC-2       Te1/1/2      120        B           Te1/1/3
```

డ్రాయింగు ప్రకారం రెండో వరసలో CORE-2 ఉండాలి. ఉన్నది ACC-2, అంటే రెండో అంతస్తు స్విచ్. ఐసీయూ రెండో దారి సర్వర్ గదికి నేరుగా రావడం లేదు. ఒక అంతస్తు దిగి, అక్కడి స్విచ్‌లోంచి కిందికి వస్తోంది.

ఇక్కడ ఆసక్తికరమైన విషయం, అప్పగింత నాటి పరీక్షలో ఇది బయటపడలేదు. పరీక్షలో CORE-1 ను ఆపి చూశారు. ఐసీయూ నెట్‌వర్క్ ఆగలేదు, ACC-2 మీదుగా CORE-2 కి వెళ్లిపోయింది. అందరూ పాస్ అని సంతకాలు చేశారు. నిజానికి ఆ కాసేపూ ఐసీయూ మొత్తం రెండో అంతస్తులోని ఒక్క స్విచ్ మీద, ఆ ర్యాకులోని ఒక్క యూపీఎస్ మీద ఆధారపడింది. రేపెప్పుడో CORE-1 మరమ్మతులో ఉన్న రోజునే, రెండో అంతస్తులో రంగులు వేస్తున్నారని ఎవరో ఆ ర్యాక్ ఆపేయొచ్చు. ఆపేముందు డ్రాయింగు చూస్తారు. అందులో మూడో అంతస్తుకూ రెండో అంతస్తుకూ సంబంధమే లేదు. ధైర్యంగా ఆపేస్తారు.

స్విచ్‌కి స్విచ్ తగిలించుకుంటూ పోతే ఏమవుతుందో తెలియాలంటే అమెరికాలో బోస్టన్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి అనుభవం ఉంది. 2002 నవంబరులో అక్కడి నెట్‌వర్క్ కుప్పకూలి రోజుల తరబడి సతాయించింది. వైద్యులు, నర్సులు మళ్లీ కాగితాల మీద రాసుకుని పని నడిపారు. స్విచ్‌ల మధ్య సమాచారం చక్కర్లు కొట్టకుండా కాపాడే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు, మామూలు అమరికల్లో ఈ కొస నుంచి ఆ కొసకు ఏడు స్విచ్‌లకు మించదన్న లెక్క మీద నడుస్తుంది. ఏళ్ల తరబడి ముక్కముక్కలుగా పెరిగిన ఆ నెట్‌వర్క్ కొన్నిచోట్ల ఆ హద్దు దాటింది. మన ఉదాహరణలోని బ్లాకుకు అంత ప్రమాదం ఇప్పుడు లేదు. ఉన్నది ఒక్క తప్పుడు మలుపే. కాకపోతే కాగితం మీద లేని మలుపును రేపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మూడో తేడా చిన్నది. బిల్లింగ్ కౌంటరు దగ్గర ఒక గోడ సాకెట్. దాని వెనక ACC-G పదిహేడో పోర్టు. డ్రాయింగులో అక్కడ ఒక కంప్యూటరే ఉంది. స్విచ్‌లో `show mac address-table interface Gi1/0/17` అని అడిగితే నాలుగు పరికరాల గుర్తులు కనిపించాయి. వెళ్లి చూస్తే బల్ల కింద బజారులో దొరికే అయిదు పోర్టుల బుల్లి స్విచ్ ఒకటి, దానికి మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. అది వెండరు పెట్టాడా, సాకెట్లు చాలక బిల్లింగ్ వాళ్లే కొని పెట్టుకున్నారా? ఎవరికీ తెలియదు. రెండోదే ఎక్కువసార్లు నిజమవుతుంది, అందుకే ఉత్తరంలో నింద వేయకూడని చోటు ఇది.

ఇప్పుడు మొదటి ఉత్తరం దగ్గరకు వద్దాం. "తప్పులున్నాయి, సరిచేసి పంపగలరు" అని రాస్తే వెండరు ఆఫీసులోని డ్రాఫ్ట్స్‌మన్ ఏం చేస్తాడు? /26 ను /25 చేస్తాడు, అది సరే. మూడో అంతస్తు గీతను CORE-2 దగ్గర చెరిపి ACC-2 కి కలుపుతాడు. అతని దృష్టిలో అది కూడా సరిచేయడమే. కొత్త డ్రాయింగు ఇప్పుడు నిజాన్ని చెబుతుంది, అడిగింది చేశారు. ప్రాజెక్టు మేనేజరు దాని మీద ఆమోద ముద్ర వేస్తే, ఒప్పందంలో ఉన్న రెండో షాఫ్టు దారిని ఆసుపత్రి వదులుకున్నట్టు వాదించే అవకాశం వెండరుకు దొరుకుతుంది. "యాజ్-బిల్ట్ మీరే ఆమోదించారు కదండీ" అన్న మాటకు అప్పుడు గట్టి జవాబు ఉండదు. వెండరు మోసగాడు కానక్కర్లేదు. ఉత్తరం అడిగిందే అతను చేశాడు.

అందుకే ప్రతి తేడా దగ్గరా ముందు తేల్చుకోవాల్సింది గీత తప్పా, పని తప్పా అన్నదే. దానికి కొలబద్ద డ్రాయింగూ కాదు, సైటూ కాదు. ఒప్పందంలోని డిజైన్, దాని మీద ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్న మార్పులు. సైటు ఒప్పందానికి తగ్గట్టు ఉండి కాగితం తేడాగా ఉంటే కాగితం మార్చాలి. కాగితం ఒప్పందంలా ఉండి సైటు తేడాగా ఉంటే కాగితం జోలికి పోకుండా పని సరిచేయించాలి. తెలియనప్పుడు తెలియదనే రాసి, ఇద్దరూ కలిసి చూడటానికి రోజు పెట్టుకోవాలి.

ఇలాంటి ఉత్తరాలు మన ఊళ్లలో ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. తెలుగులో రాస్తే ఇలా ఉండొచ్చు:

విషయం: కొత్త బ్లాకు నెట్‌వర్క్ పని. NW-SITE-01, Rev 0 డ్రాయింగులో సైటుతో సరిపోని అంశాలు.

ఆర్యా,

మీరు యాజ్-బిల్ట్‌గా అందజేసిన పై డ్రాయింగును మా ఇంజనీరు, మీ సైట్ సూపర్‌వైజరు కలిసి సైటులో సరిచూశారు. కోర్, అంతస్తు స్విచ్‌ల మధ్య ఉన్న అన్ని లింకులనూ, ప్రతి అంతస్తులో కొన్ని సాకెట్లనూ చూశాం. మిగతా సాకెట్లను చూడలేదు. తేడాలు మూడు కనిపించాయి. స్క్రీన్ ప్రతులు, ఎర్ర సిరాతో గుర్తుపెట్టిన డ్రాయింగు ప్రతి ఇందుతో జతచేస్తున్నాం.

ఒకటి. VLAN 30 వద్ద 10.40.30.0/26 అని ఉంది. పరికరాల్లో ఉన్నది, మన మధ్య ఈమెయిలులో ఖరారైనది /25. సైటులో పని సరిగ్గా ఉంది. డ్రాయింగును మాత్రమే సవరించండి.

రెండు. ACC-3 స్విచ్ Te1/1/2 పోర్టు నుంచి CORE-2 కి పడమటి షాఫ్టు గుండా ఫైబర్ ఉన్నట్టు గీశారు. ఒప్పందంలోని డిజైన్ కూడా అదే. సైటులో ఆ పోర్టు ACC-2 స్విచ్‌కి కలిసి ఉంది. ఇది డ్రాయింగు సవరణతో తీరే అంశం కాదు. ఒప్పందం ప్రకారం ఫైబర్ వేసి, పరీక్షించి, నివేదిక ఇవ్వండి. ఆ పనికి మీరు పెట్టుకునే తేదీలను వారం లోపల తెలపండి. పని పూర్తయ్యే వరకు మూడో అంతస్తు స్థితిని డ్రాయింగులో 'తాత్కాలికం' అని విడిగా గుర్తించండి.

మూడు. ACC-G Gi1/0/17 వద్ద డ్రాయింగులో లేని చిన్న స్విచ్ ఉంది. అది ఎవరు అమర్చారో మాకు తెలియదు. మీ వద్ద సమాచారం ఉంటే చెప్పండి. ఈ అంశంపై డ్రాయింగులో ప్రస్తుతానికి ఏ మార్పూ చేయవద్దు.

సవరించిన డ్రాయింగును Rev 1 గా, మార్చిన ప్రతి చోటా గుర్తు పెట్టి, తేదీ, గీసినవారి, సరిచూసినవారి పేర్లతో పది పనిదినాల్లో పంపండి. పీడీఎఫ్‌తో పాటు మార్పులు చేయగల అసలు ఫైలు కూడా ఇవ్వండి. Rev 1 అందినట్టు మేమిచ్చే రసీదు, రెండో అంశంలోని పనిని ఆమోదించినట్టు కాదు.

ఈ ఉత్తరంలో కోపం లేదు, బిల్లు ఆపుతామన్న బెదిరింపూ లేదు. బిల్లు సంగతి ఒప్పంద షరతుల్లో ఎలాగూ ఉంటుంది, మళ్లీ గుర్తుచేస్తే మాట పెరుగుతుంది తప్ప పని జరగదు. ఏం చూశారో చెప్పినట్టే, ఏం చూడలేదో కూడా చెప్పారు. ఆ వాక్యం లేకపోతే, తర్వాత మరో తేడా దొరికినప్పుడు "అప్పుడంతా చూసే కదా మూడన్నారు" అనే మాట పడాల్సి వస్తుంది. వెండరు మనిషిని పక్కన పెట్టుకుని చూశారు కాబట్టి స్క్రీన్ ప్రతుల మీద వాదన ఉండదు. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది చివరి వాక్యం. అందిందనడం వేరు, ఆమోదించామనడం వేరు.

రెండో అంశానికి వెండరు నుంచి ఎలాంటి జవాబు వస్తుందో ఊహించడం కష్టం కాదు. "పడమటి షాఫ్టు మూడో అంతస్తు దగ్గర అప్పటికి సిద్ధం కాలేదు. మీ సివిల్ కాంట్రాక్టరే ఆలస్యం చేశాడు. ప్రారంభోత్సవం దగ్గరపడిందని తాత్కాలికంగా ACC-2 కి కలిపాం. ఇప్పుడు మళ్లీ మనుషుల్ని పంపాలంటే అదనపు ఖర్చు." ఇది అబద్ధం కాకపోవచ్చు కూడా. అప్పుడు చూడాల్సింది ఆ అడ్డంకిని అప్పట్లో ఒక్క ఈమెయిలులోనైనా తెలియజేశాడా అన్నది. తెలియజేసి ఉంటే ఖర్చులో కొంత ఆసుపత్రి భరించాల్సి రావడం న్యాయమే. చెప్పకుండా కలిపేసి, డ్రాయింగులో ఏమీ ఎరగనట్టు CORE-2 కే గీసి ఉంటే, అదనపు ఖర్చు అడిగే బలం అతనికి తక్కువ.

ఆసుపత్రి ఇంకో దారి కూడా ఎంచుకోవచ్చు. ఐసీయూ ఇప్పటికే నడుస్తోంది, సీలింగు తెరిస్తే దుమ్ము, అంతరాయం. కొన్నాళ్లపాటు ఉన్నదే ఉండనిద్దామని వైద్య విభాగం అనొచ్చు. అది అర్థమున్న నిర్ణయమే. అయితే దాన్ని ఒక విడి కాగితం మీద, వేయని ఫైబర్‌కు తగ్గే సొమ్ము ఎంతో రాసి, ఇద్దరూ సంతకం చేసి తీసుకోవాలి. ఆ తర్వాతే డ్రాయింగులో గీతను ACC-2 కి మార్చాలి. రెండో అంతస్తు ర్యాక్ పక్కన "ఇది ఆపితే ఐసీయూ రెండో దారి పోతుంది" అని ఒక గమనిక కూడా డ్రాయింగులోకి ఎక్కాలి.

Rev 1 వచ్చాక అడిగిన మార్పులు మాత్రమే చూసి ఊరుకోవడం అలవాటు. అది చాలదు. రెండు పీడీఎఫ్‌లనూ ఒకే సైజులో ముద్రించి వెలుతురుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి పెట్టినా సరే, కంప్యూటరులో పోల్చినా సరే, అడగని చోట ఏమైనా మారిందేమో చూడాలి. డ్రాఫ్ట్స్‌మన్ పొరపాటున ఇంకా పాత ఫైలు తెరిచి అందులో సవరణలు చేసి పంపడం జరుగుతుంటుంది. అప్పుడు చెప్పిన తప్పు పోయి, ఎప్పుడో సరిచేసిన తప్పు తిరిగొస్తుంది.

ఆ తర్వాత మిగిలేది పాత ప్రతుల వేట. Rev 0 అప్పటికే ప్రతి అంతస్తు ర్యాక్ తలుపుకూ లోపలివైపు అతికించి ఉంటుంది, దాన్ని తీసి కొత్తది పెట్టాలి. ఈలోపు ఆసుపత్రి ఆ పీడీఎఫ్‌ను కెమెరాల కంపెనీకీ, ఫోన్ల కంపెనీకీ, యూపీఎస్ నిర్వహణ చూసేవాళ్లకీ పంపి ఉంటుంది. వాళ్లందరికీ Rev 1 జతచేసి, Rev 0 ఇక చెల్లదని ఒక్కొక్కరికీ ఈమెయిలు పెట్టి, అందినట్టు జవాబు రప్పించుకోవాలి. కెమెరాల కంపెనీకి మాత్రం ఫోన్ కూడా చేయడం మంచిది, /26 చూసుకుని కెమెరాలు బిగించేది వాళ్లే కాబట్టి.